87ఆ, 100ఆ, 109ఆ: మా డ్రైనేజీ జాబ్‌లో ఈఏసీ ఫార్ములా ఎంచుకున్న నా అనుభవం

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర ప్లానింగ్, బిల్లింగ్ రెండూ చూస్తాను, చిన్న కంపెనీల్లో అంతే కదా, ఒక్క మనిషికి రెండు కుర్చీలు. కొల్లూరు వైపు ఒక విల్లా లేఅవుట్‌లో డ్రైనేజీ లైన్ పని వచ్చింది మాకు. మొత్తం 2000 మీటర్లు, డీడబ్ల్యూసీ అనే రెండు గోడల ప్లాస్టిక్ పైపు, మధ్యమధ్యలో మ్యాన్‌హోల్స్. మా సొంత ఖర్చు అంచనా మీటరుకి 4000, అంటే బడ్జెట్ 80 లక్షలు. డిసెంబర్‌లో మొదలు, ఏప్రిల్ ఆఖరుకి అయిపోవాలి, నెలకి 400 మీటర్లు. వినడానికి ఎంత నీట్‌గా ఉందో చూడండి.

జనవరి ఆఖర్న సార్ పిలిచి "ఇది మొత్తం అయ్యేసరికి ఎంతల పడతది మనకు, బ్యాంకోళ్లకు చెప్పాలె" అన్నారు. అంటే ఎస్టిమేట్ ఎట్ కంప్లీషన్, ఈఏసీ. పుస్తకాల్లో దీనికి ఒకటి కాదు, కనీసం నాలుగు ఫార్ములాలు ఉంటాయి, పరీక్షకి చదివినప్పుడు ప్రశ్నలో "టిపికల్" అని ఉంటే ఇది, "అటిపికల్" అని ఉంటే అది అని బట్టీ పట్టాను. సైట్‌లో ఆ మాట ఎవరూ రాసి పెట్టరు, అదే అసలు గొడవ.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. అకౌంట్స్ అక్కని అడిగితే ట్యాలీలోంచి ఈ జాబ్ కింద పడిన ఖర్చు 41 లక్షలు అని తీసిచ్చింది. సైట్ ఇంజినీర్ అన్న మెజర్‌మెంట్ బుక్ ప్రకారం 700 మీటర్లు పూర్తి, లెవెల్ చెక్ అయ్యి, మట్టి కప్పేసినవి. అంటే జరిగిన పని విలువ 700 ఇంటూ 4000, 28 లక్షలు. 28ని 41తో భాగిస్తే 0.68, దీన్నే సీపీఐ అంటారు, రూపాయి ఖర్చుకి ఎంత పని వచ్చిందో చెప్పే నంబర్. నేను అదే ఊపులో 80ని 0.68తో భాగించేసి 117 లక్షలు అని సార్‌కి వాట్సాప్ పెట్టేశాను. రెండు నిమిషాల్లో ఫోన్. "ఏందమ్మా ఇది, 80ల అయితదన్న పని 117 అంటున్నవ్, నన్ను అమ్మేస్తవా?"

భయపడుతూ సైట్‌కి పోయి చూస్తే గేటు పక్కన పైపులు కొండలా పేర్చి ఉన్నాయి. రేటు పెరుగుతుందని సార్ ముందే ఎక్కువ కొనిపెట్టారు, అందులో ఇంకా భూమిలోకి పోనివి 6 లక్షలవి. డబ్బు ఖర్చులో పడింది, పని విలువలో పడలేదు, ఎందుకంటే నేను వేసిన పైపుకే విలువ కడుతున్నాను. ఆ 6 తీసేస్తే ఖర్చు 35. దీనికి రివర్స్ తప్పు కూడా ఉంటుంది, బండ కొట్టే బ్రేకర్ మెషీన్ ఓనర్ బిల్లు నెల తర్వాత పంపుతాడు, పని అయిపోయి ఉంటుంది కానీ ఖర్చు కనపడదు, అప్పుడు సీపీఐ బంగారంలా మెరుస్తుంది. మా దాంట్లో ఆ బిల్లు అదృష్టవశాత్తు ఎక్కేసి ఉంది. ఫార్ములా ఏది అని కొట్టుకునే ముందు ఈ 35 నిజంగా 35 ఏనా అని చూసుకోవాలి, నేను చూసుకోలేదు కాబట్టే తిట్లు తిన్నాను.

సరే ఇప్పుడు లెక్క ఇలా ఉంది. రెండు నెలల్లో 800 మీటర్లు కావాల్సింది, 700 అయ్యింది.

```
BAC = 80    PV = 32    EV = 28    AC = 35
CPI = EV / AC = 0.80
SPI = EV / PV = 0.875
```

డబ్బు అంతా లక్షల్లో. BAC అంటే మొత్తం బడ్జెట్, PV అంటే ఈపాటికి కావాల్సిన పని విలువ, EV అంటే జరిగిన పని విలువ, AC అంటే అయిన ఖర్చు. ఎస్పీఐ అంటే ప్లాన్‌లో ఎంత వంతు పని అయ్యిందో చెప్పేది. (సీపీఐ 0.8 అని సార్‌తో అంటే "ఎర్రజెండానా?" అన్నారు. ఒక రకంగా ఎర్రజెండానే.)

పుస్తకాల్లో ఉన్న నాలుగింటిలో ముందు మూడు వేశాను:

```
AC + (BAC - EV)               = 87.0
BAC / CPI                     = 100.0
AC + (BAC - EV) / (CPI * SPI) = 109.3
```

అదే సైట్, అవే నాలుగు నంబర్లు, కానీ జవాబుల మధ్య తేడా 22 లక్షలు. మా లాంటి కంపెనీకి అది ఒక జేసీబీ డౌన్ పేమెంట్ కంటే ఎక్కువే.

ఇక్కడ నాకు పనికొచ్చిన ఒక చిన్న అలవాటు చెప్తాను. ఈ ఫార్ములాలని ఈఏసీగా చూడటం మానేసి, మిగిలిన పని మీద ఒక్కొక్కటి ఏం పందెం కాస్తోందో చూడటం. మిగిలిన పని విలువ 52 లక్షలు. మొదటి ఫార్ములా ఆ 52 పనికి 52 ఏ ఖర్చవుతుంది అంటోంది, అంటే జరిగిన నష్టం జరిగిపోయింది, రేపట్నించి అంతా ప్లాన్ ప్రకారమే. రెండోది 52 పనికి 65 పడుతుంది అంటోంది, అంటే ఇన్నాళ్లు ఎలా ఏడ్చామో ఇకపైనా అలాగే ఏడుస్తాం. మూడోది 74.3 అంటోంది, అంటే ఖర్చులో ఎలాగూ వెనకబడ్డాం, పైగా తేదీ కూడా పట్టుకోవాలి కాబట్టి పరుగెత్తడానికి ఇంకా పోస్తాం అని. ఈ మూడు మాటల్లో మా సైట్‌కి ఏది నిజం అన్నదే ప్రశ్న, దానికి జవాబు ఎక్సెల్‌లో దొరకదు, గోతిలో దొరుకుతుంది.

ఆఫీసులో ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకున్నారు. సైట్ ఇంజినీర్ అన్న 87 అన్నాడు, "బండ తగిలింది కాబట్టి గట్లయింది మేడం, ముందట మొత్తం మొరమే". ఆయన సైట్ కాబట్టి ఆయనకి నష్టం అంతా ఒకసారి జరిగిన యాక్సిడెంట్ లాగే కనపడుతుంది, నేనైనా అంతే అనేదాన్ని. మా కన్సల్టెంట్ ఒకాయన ఉన్నారు, పాత రోజుల్లో పెద్ద ప్రాజెక్టులు చేసినాయన, ఆయన 100 అన్నారు. "పని 20 శాతం దాటాక సీపీఐ పెద్దగా మారదమ్మా, మీరు 35 శాతంలో ఉన్నారు" అన్నారు. ఆ మాట గాల్లోంచి వచ్చింది కాదు, అమెరికా డిఫెన్స్ కాంట్రాక్టుల డేటా మీద 1990ల్లో చేసిన స్టడీల్లోంచి వచ్చింది, 20 శాతం తర్వాత సీపీఐ పది శాతం కంటే ఎక్కువ కదలదు అని. కానీ అవి ఏళ్ల తరబడి నడిచే, వందల రకాల పనులు కలిసిన కాంట్రాక్టులు, అక్కడ మంచి చెడు కలిసి సగటు నిలబడుతుంది. మాది రెండు కిలోమీటర్ల గొయ్యి. ఒక బండ తగిలితే సగటు అటు, తగలకపోతే ఇటు. తర్వాత వేరే రకం ప్రాజెక్టుల మీద చూసినవాళ్లకి కూడా ఆ రూల్ అన్నిచోట్లా నిలబడలేదు. ఆయనతో వాదించే వయసు నాది కాదు కాబట్టి "సరే సార్" అని ఊరుకున్నాను, కానీ రాసుకోలేదు.

అప్పుడు నేను చేసింది ఒకటే, అసలు ఆ 7 లక్షల నష్టం దేనికి పోయిందో విడగొట్టడం. బిల్లులు, డైలీ రిపోర్టులు, బ్రేకర్ లాగ్ షీట్లు ముందేసుకుని ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాను. మూడు ముక్కలు తేలాయి.

పెద్దది బండ. 700 మీటర్లలో 250 మీటర్ల మేర షీట్ రాక్ తగిలింది, పొక్లెయిన్‌కి బ్రేకర్ పెట్టి కొట్టించాం, దానికి అదనంగా 4.5 లక్షలు, మీటరుకి 1800. కాంట్రాక్ట్‌లో "అన్ని రకాల నేలలు" అని రాసి ఉంది కాబట్టి క్లయింట్ పైసా ఇవ్వడు. పక్క సైట్‌లో మొరం వచ్చిందని మా అంచనాలో బండకి సున్నా పెట్టారు. హైదరాబాద్‌లో భూమి తవ్వుతూ బండకి సున్నా పెట్టడం! ఖాజాగూడ గుట్టల్లో పైకి కనపడేదే మన కాళ్ల కింద కూడా ఉంది, 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, అది మన ఎస్టిమేట్ చూసి పక్కకి తప్పుకోదు.

రెండోది పైపు రేటు. అంచనా వేసిననాటికి, కొన్ననాటికి ఫిట్టింగులతో కలిపి మీటరుకి 200 పెరిగింది. 700 మీటర్లకి 1.4 లక్షలు.

మూడోది మన సొంత పుణ్యం. రెండు మ్యాన్‌హోల్స్ మధ్య ఇన్వర్ట్ లెవెల్, అంటే పైపు లోపలి అడుగు ఉండాల్సిన ఎత్తు, తప్పుగా తీశారు, ఆటో లెవెల్‌తో బెంచ్ మార్క్ మార్చినప్పుడు రీడింగ్ తప్పు రాసుకున్నారు, నీళ్లు పోసి చూస్తే వెనక్కి వస్తున్నాయి, తవ్వి, తీసి, డస్ట్ మళ్లీ పరిచి, మళ్లీ వేశారు. 1.1 లక్షలు. మేస్త్రి ఆ రోజు నాతో "నీళ్లు అబద్ధం చెప్పవ్ మేడం" అన్నాడు, సైట్ ఇంజినీర్ అన్న మొహం చూడాల్సింది.

ఇప్పుడు చూడండి, ఈ మూడిటికీ భవిష్యత్తు వేరు. లెవెల్ తప్పు ఒకసారి అయ్యింది, ఆ తర్వాత ప్రతి మ్యాన్‌హోల్ దగ్గర ఇద్దరు రీడింగ్ తీస్తున్నారు, కాబట్టి దానికి మొదటి ఫార్ములా కరెక్ట్, మళ్లీ రాదు. పైపు రేటు ప్రతి మీటరుకీ తగులుతుంది, తప్పించుకునే దారి లేదు, అది అచ్చంగా రెండో ఫార్ములా ఆలోచన. బండ మాత్రం అటూ కాదు ఇటూ కాదు, ముందు ఎంత ఉందో అంతే. అంటే మొత్తం జాబ్‌కి ఒక ఫార్ములా వెతకడమే నేను చేస్తున్న పొరపాటు, ఒక్కో కారణానికి ఒక్కో ఊహ కావాలి, అన్నీ కలిపితే అది నాలుగో పద్ధతి అవుతుంది, మిగిలిన పనికి కింద నించి మళ్లీ అంచనా కట్టడం. అందరూ దీన్ని "టైం పడుతుంది" అని తప్పించుకుంటారు, మాకు పట్టింది మూడు రోజులు.

ఆ మూడు రోజుల్లో రోజున్నర జేసీబీదే. మిగిలిన 1300 మీటర్ల అలైన్‌మెంట్ మీద ప్రతి వంద మీటర్లకి ఒక ట్రయల్ పిట్, మొత్తం 13. సార్ మొదట "గోతులు తవ్వనీకె పైసలా" అన్నారు, 22 లక్షల తేడా చూపిస్తే ఒప్పుకున్నారు, అయిన ఖర్చు పదిహేను వేల లోపే. నేను టేపు పట్టుకుని ప్రతి గోతి దగ్గరా నిలబడ్డాను, జేసీబీ బకెట్ మొరంలో ఉన్నంతసేపు ఒక మెత్తటి చప్పుడు, బండకి తగలగానే పళ్లు గీసుకుని కర్ర్ మని ఒళ్లు జలదరించే చప్పుడు, ఆపరేటర్ లివర్ వదిలేసి నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతాడు. 1 నుంచి 7 వరకు శుభ్రంగా మొరం. 8, 9, 10, 11 బండ. 12, 13 మళ్లీ మొరం. అంటే వరసగా దాదాపు 400 మీటర్లు.

ఇక్కడ ఇంకో విషయం, ఇది చూసుకోకపోతే మళ్లీ తప్పు లెక్కే. డ్రైనేజీ లైన్ మేము కిందనించి, అంటే అవుట్‌లెట్ వైపు నించి మొదలుపెట్టాం, అక్కడ ట్రెంచ్ లోతు 2.4 మీటర్లు, బండ 1.2 దగ్గర తగిలింది, కొట్టాల్సిన మందం 1.2. ఈ పై భాగంలో ట్రెంచ్ లోతే 1.6, బండ 0.8 దగ్గర తగులుతోంది, కొట్టాల్సింది 0.8. మూడింట రెండొంతులు. కాబట్టి మీటరుకి 1800 కాదు, 1200 వేశాను. గుడ్డిగా పాత సగటు తీసుకుంటే ఈ తేడా ఎక్కడా కనపడదు.

తర్వాత మూడో ఫార్ములా సంగతి, అంటే తేదీ. ఇప్పటిదాకా నెలకి 350 మీటర్ల చొప్పున నడిచాం, అదే స్పీడ్ అయితే 1300 మీటర్లకి 3.7 నెలలు, ఏప్రిల్ ఆఖరు కాదు మే మూడో వారం. ఏప్రిల్‌కే ఇవ్వాలంటే ఇంకో గ్యాంగ్, ఇంకో బ్రేకర్, ఆదివారాలు డబుల్ కూలి, అప్పుడు సీపీఐని ఎస్పీఐతో గుణించడంలో అర్థం ఉంది. కానీ తేదీ జారినా పర్వాలేదు అంటే ఎస్పీఐకి ఖర్చులో పెద్ద పాత్రే లేదు. కాబట్టి లెక్క వేసే ముందు క్లయింట్‌ని అడగాలి. సార్ ఫోన్ చేసి మాట్లాడారు, రోడ్లు ఎలాగూ వానల ముందు పూర్తిగా వేయరట, మూడు వారాలు ఇస్తాం, పెనాల్టీ లేదు అన్నారు, నేను వెంటనే అదే మెయిల్‌లో రాయించుకున్నాను. మూడు వారాలు ఎక్కువ ఉంటే సూపర్‌వైజర్ జీతం, వాచ్‌మెన్, షెడ్డు అద్దె, అన్నీ కలిపి 0.6. ఒక్క ఫోన్ కాల్‌తో 109 టేబుల్ మీదనించి పోయింది. (ఇంకోటి, ఎస్పీఐ పని చివరికొచ్చేసరికి దానంతట అదే ఒకటికి చేరుతుంది, ఎంత లేటైనా సరే, ఎందుకంటే పని పూర్తయితే పని విలువా ప్లాన్ విలువా ఒకటే. కాబట్టి ఆ ఫార్ములాని ఆఖరి నెలల్లో వాడితే లేట్ అయిన జాబ్ కూడా ఆన్ టైం లాగా కనపడుతుంది.)

చివరికి వచ్చింది ఇది, ETC అంటే మిగిలిన పనికి పట్టే ఖర్చు, అందులో వరసగా ప్లాన్ ప్రకారం పని, పైపు రేటు 1300 మీటర్లకి, బండ 400 మీటర్లకి, లేట్ ఖర్చు:

```
ETC = 52.0 + 2.6 + 4.8 + 0.6 = 60.0
EAC = 35.0 + 60.0            = 95.0
```

సార్‌కి 95 అని చెప్తే ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం మంచిది, "80లనే చేద్దాం అంటే ఎట్ల చెయ్యాలె?" మిగిలిన డబ్బు 45, మిగిలిన పని 52, అంటే ఇక నుంచి రూపాయి ఖర్చుకి 1.16 రూపాయల పని రావాలి, దీన్నే టీసీపీఐ అంటారు. ఇన్నాళ్లు రూపాయికి 80 పైసల పని చేసినోళ్లం, ముందు 400 మీటర్ల బండ పెట్టుకుని 1.16 ఎలా చేస్తాం? నా 95కి కావాల్సింది 52 బై 60, రూపాయికి 87 పైసలు. అది 80 కంటే కొంచెం మెరుగు, ఎందుకు మెరుగో చెప్పగలను, లెవెల్ తప్పు పోయింది, లోతు తగ్గింది. ఆయన బ్యాంకుకి 95 ఏ రాసిచ్చారు.

ఫిబ్రవరిలో ఒక తమాషా జరిగింది. ఆ నెల 400 మీటర్లు మొరంలో సాఫీగా పోయింది, 16 లక్షల పనికి 17 ఖర్చు. మొత్తం కలిపితే పని విలువ 44, ఖర్చు 52, సీపీఐ 0.846కి ఎక్కింది, 80ని దానితో భాగిస్తే 94.5. కన్సల్టెంట్ గారు "చూశావా, ఫార్ములా కూడా అదే చెప్తోంది, మూడు రోజులు వేస్ట్" అన్నారు. కానీ అది యాదృచ్ఛికం, ఆ 94.5లో ముందున్న బండ సంగతి లేదు, వెనకటి బండ, ఫిబ్రవరి మొరం కలిసి అక్కడ ఆగాయి అంతే. ఇంకో 200 మీటర్లు మొరంలో పోయి ఉంటే అదే ఫార్ములా 93 అని చెప్పేది, సరిగ్గా బండ మొదలయ్యే ముందు రోజు. సార్ "అయితే తగ్గిద్దామా నంబర్" అని అడిగారు, 8వ గొయ్యి దాటేదాకా వద్దు సార్ అన్నాను.

బండ మేం అనుకున్న దానికంటే ముందే తగిలింది, 7వ గొయ్యి దాటిన పది మీటర్లకే, అంటే 7, 8 గోతులకి సరిగ్గా మధ్యలో బండ మొదలవుతుందని మేం గీసుకున్న గీతకి 40 మీటర్లు ముందు. అటు చివర కూడా 20 మీటర్లు ఎక్కువ పోయింది. గొయ్యికీ గొయ్యికీ మధ్య వంద మీటర్లు ఉంటే అంత తేడా వస్తుంది, 8వ గొయ్యికి ముందొకటి, 11వ గొయ్యి తర్వాత ఒకటి ఇంకో రెండు చిన్న గోతులు తీసి ఉంటే తెలిసేది, తీయలేదు. ఆ 60 మీటర్లకి 72 వేలు. దానికి తోడు బ్రేకర్ చిసెల్ విరిగి రెండు రోజులు మనుషులూ మెషీనూ ఖాళీగా కూర్చున్నారు, దానికో 40 వేల దాకా.

మే నాలుగో వారం మొదట్లో ఆఖరి మ్యాన్‌హోల్ మూత పెట్టాం. అకౌంట్స్ అక్క అన్ని బిల్లులూ వచ్చాక, నేను గుర్తు చేసి మరీ బ్రేకర్ ఓనర్‌ది కూడా తెప్పించుకున్నాక, ట్యాలీ క్లోజ్ చేసిన నంబర్ 96.1. మిగిలిపోయిన పది పైపులు ఇంకా గేటు పక్కనే ఉన్నాయి, అవి వచ్చే జాబ్ ఖాతాలోకి మార్చమని ఆవిడకి రెండుసార్లు చెప్పాను.